ఆవిరి బండి నుంచి ఎలక్ట్రిక్ కారు దాకా: ఆటోమొబైల్ క్లబ్ ప్రసంగం మీద తరచుగా అడిగే ప్రశ్నలు

కాలేజీ ఆటోమొబైల్ క్లబ్‌లో "కార్లు ఎలా పుట్టి, ఎలా మారాయి" అన్న ప్రసంగం ప్రతి ఏడూ ఎవరో ఒక జూనియర్ మీద పడుతుంది. పడిన వారం రోజుల్లోపు అవే సందేహాలతో ఫోన్లు మొదలవుతాయి. ఈసారి జవాబులన్నీ ఒకచోట రాసి పెట్టాను. ఏ ప్రశ్న కావాలంటే దాని దగ్గరికి నేరుగా వెళ్ళి చదువుకోవచ్చు.

## రాయడం మొదలుపెట్టే ముందు

పది నిమిషాల్లో 250 ఏళ్ళ చరిత్ర ఎలా చెప్పాలి అన్నా?

చెప్పలేవు, ఆ ప్రయత్నమే వద్దు. సంవత్సరాలు, పేర్లు వరసగా చదువుకుంటూ పోతే మూడో నిమిషానికల్లా వెనక బెంచీలు ఫోన్లలోకి వెళ్ళిపోతాయి. ఒకే ఒక్క ప్రశ్న పట్టుకో: బండి కదలడానికి ఎంతసేపు పడుతుంది, అయిపోయాక మళ్ళీ నింపుకోవడానికి ఎంతసేపు పడుతుంది? ఆవిరి బండి, పెట్రోలు కారు, ఎలక్ట్రిక్ కారు మూడింటినీ ఈ ఒక్క ప్రశ్నతో కొలవొచ్చు. ఎవరు ఎప్పుడు గెలిచారో, ఎందుకు ఓడారో చాలావరకు అందులోనే తేలిపోతుంది.

సమయం సమానంగా పంచకు. ఆవిరికి రెండు నిమిషాలు, 1900 నుంచి 1912 వరకు నాలుగు నిమిషాలు, పెట్రోలు యుగానికి ఒకటిన్నర, బ్యాటరీకి రెండు. మిగిలిన అర నిమిషం నీళ్ళు తాగడానికి, నవ్వులు ఆగడానికి పోతుంది. తాపీగా మాట్లాడితే నిమిషానికి వంద మాటలు నడుస్తాయి. కాబట్టి రాత వెయ్యి మాటలు దాటకూడదు.

ఎక్కడ మొదలుపెట్టాలి? చక్రం కనిపెట్టిన రోజు నుంచా?

వద్దు. చక్రంతో మొదలైన ప్రసంగాలు నేను చాలా విన్నాను, ఒక్కటీ గుర్తులేదు. 1900 సంవత్సరంతో మొదలుపెట్టి, అక్కడి నుంచి వెనక్కి వెళ్ళి, తర్వాత ముందుకు రా. కిందటి ఏడు ఒక జూనియర్‌కి నేను రాసిచ్చిన మొదటి పేరా ఇది:

"మీరు 1900లో అమెరికాలో ఉన్నారు. చేతిలో డబ్బుంది, కారు కొనాలి. మార్కెట్లో మూడు రకాలున్నాయి. ఒకటి ఆవిరితో నడుస్తుంది, పొయ్యి వెలిగించి అరగంట ఆగాలి. ఇంకొకటి కరెంటుతో నడుస్తుంది, మీట నొక్కితే చాలు, కానీ ఊరు దాటదు. మూడోది పెట్రోలుది, ఎంత దూరమైనా పోతుంది, కానీ స్టార్ట్ చేసేటప్పుడు మీ చెయ్యి విరగొచ్చు. ఏది కొంటారు? చేతులెత్తండి."

చేతులు ఎత్తమని నిజంగానే అడుగు. ఎక్కువ మంది కరెంటు కారుకే ఎత్తుతారు. ఆ ఏడాది అమెరికాలో తయారైన 4,192 కార్లలో ఆవిరివి 1,681, కరెంటువి 1,575, పెట్రోలువి 936 మాత్రమే అని అప్పుడు చెప్పు. ఆఖరున ఉన్నదే తర్వాత వందేళ్ళు ఏలిందంటే, ఎలాగన్న కుతూహలం హాల్లో దానంతట అదే పుడుతుంది.

మొదటి కారు ఎవరిది? క్యూన్యోదా, బెంజ్‌దా?

కారంటే నీ లెక్కలో ఏమిటన్నది ముందు చెప్పాలి. మనిషి గానీ పశువు గానీ లాగకుండా తనంతట తాను రోడ్డు మీద నడిచిన బండి అంటే ఫ్రాన్స్‌లో నికొలా జోసెఫ్ క్యూన్యో 1769-70లో చేసిన ఆవిరి బండి. లోపల ఇంధనం మండే ఇంజిన్‌తో, ఇంజిన్‌నీ బండినీ కలిపి ఒకే యంత్రంగా రూపొందించి, పేటెంట్ తీసుకుని, జనానికి అమ్మింది అంటే జర్మనీలో కార్ల్ బెంజ్. ఆయన పేటెంట్ దరఖాస్తు తేదీ 1886 జనవరి 29. ఆ మూడు చక్రాల బండి ఇంజిన్‌కు ఒకటే సిలిండర్, శక్తి ఒక హార్స్‌పవర్ కూడా లేదు.

"మొట్టమొదటి కారు" అని ఊరికే అనేస్తే ప్రశ్నల సమయంలో ఎవరో ఒకరు లేస్తారు. "పెట్రోలుతో నడిచే మొదటి కార్లలో పేటెంట్ ఉన్నది" అను, గొడవ ఉండదు.

## ఆవిరి బళ్ళ గురించి

క్యూన్యో బండి నిజంగా నడిచిందా, లేక బొమ్మ మాత్రమేనా?

నడిచింది. ఫ్రెంచి సైన్యం ఫిరంగులు లాగడానికి చేయించిన బండి అది. మూడు చక్రాలు, పెద్ద రాగి బాయిలర్ ముందు చక్రానికి ఇంకా ముందు వేలాడుతూ ఉంటుంది. బరువంతా ముందుకే ఉండటంతో తిప్పడం నరకం. మనిషి నడక వేగం, అంటే గంటకు సుమారు 4 కిలోమీటర్లు వెళ్ళేది. అసలు సమస్య వేగం కూడా కాదు. పావుగంట నడిచేసరికి ఆవిరి అయిపోయేది. ఆగి, మళ్ళీ నీళ్ళు కాగి, ఒత్తిడి పెరిగేదాకా కూర్చోవాలి. యుద్ధంలో ఫిరంగి అలా కూర్చుంటే ఏమవుతుందో సైన్యానికి తెలుసు కాబట్టి డబ్బు ఆగిపోయింది. బండి మాత్రం ఇప్పటికీ పారిస్‌లోని ఆర్ట్స్ ఎ మేతియే మ్యూజియంలో ఉంది. ఫోటో చూపిస్తే బాయిలర్ ఎక్కడుందో వేలు పెట్టి చూపించు.

ఆ బండి గోడను గుద్దింది, ప్రపంచంలో మొదటి కారు యాక్సిడెంట్ అదే అని చెప్పొచ్చా?

నేను చెప్పాను, తల వాచిపోయింది. ఫస్టియర్‌లో ఈ కథను మంచి జోకులా చెబితే ముందు వరసలోని ఒక లెక్చరర్ "అప్పట్లో రాసిన ఆధారం ఏమైనా ఉందా?" అని అడిగారు. నా దగ్గర లేదు. తర్వాత వెతికితే తెలిసిందేమిటంటే, 1771లో జరిగిందనే ఆ గోడ కథ దశాబ్దాల తర్వాత రాసిన వాటిలోనే కనిపిస్తుంది. చెప్పాలనుకుంటే "అలా ఒక కథ ఉంది, అప్పటి రుజువు మాత్రం లేదు" అని చెప్పు. జోకు పోదు, పరువూ పోదు.

మరి ఆవిరి కాలంలో నవ్వించే నిజమైన సంఘటన ఏదైనా ఉందా?

ట్రెవితిక్‌ది ఉంది. రిచర్డ్ ట్రెవితిక్ ఇంగ్లండ్‌లోని కాంబోర్న్‌లో 1801 క్రిస్మస్ ముందు రోజు సాయంత్రం తన ఆవిరి బండి మీద మనుషుల్ని ఎక్కించుకుని గుట్ట ఎక్కించాడు. కొన్ని రోజులకు అది దారిలో చెడిపోయింది. దాన్ని ఒక షెడ్డులోకి నెట్టి అందరూ పక్కనే ఉన్న సత్రంలో భోజనానికి కూర్చున్నారు. బాయిలర్ కింద మంట ఆర్పడం మాత్రం మరిచిపోయారు. నీళ్ళు ఇగిరిపోయి, ఇనుము ఎర్రగా కాలి, షెడ్డుతో సహా బండి తగలబడింది.

ఇది నవ్వుకోవడానికే కాదు. మంట, నీళ్ళు రెండింటినీ ఒక మనిషి కనిపెట్టుకుని ఉండాలి. ఆవిరి బండికి ఆఖరుదాకా వదలని జబ్బు ఇదే.

ఆవిరి కారు స్టార్ట్ చేయడానికి అరగంట ఎందుకు పట్టేది? అంత పని ఏముంటుంది?

ఇక్కడ కాస్త నిదానంగా చెప్పు, ఎందుకంటే హాల్లో ఎవరూ ఆవిరి కారును చూసి ఉండరు. అమెరికాలో బాగా పేరున్న స్టాన్లీ కారునే తీసుకుందాం. పొద్దున్నే లేచి ఆఫీసుకు వెళ్ళాలి అనుకో. ముందు గాజు గొట్టంలో చూసి బాయిలర్‌లో నీళ్ళ మట్టం సరిపోయిందో లేదో తేల్చుకోవాలి. ఇంధనం ట్యాంకులో గాలి ఒత్తిడి తగ్గి ఉంటే చేతి పంపుతో కొట్టాలి. తర్వాత చిన్న బర్నర్‌ను వేడి చేసి వెలిగించాలి. పాత పంపు స్టవ్ వెలిగించినవాళ్ళకు ఇది వెంటనే అర్థమవుతుంది: ద్రవం ముందు ఆవిరిగా మారితేనే నీలి మంట వస్తుంది, లేకపోతే పసుపు మంట, మసి. చిన్న మంట నిలబడ్డాక పెద్ద బర్నర్ తెరవాలి. ఇక బాయిలర్ వేడెక్కేదాకా ఎదురుచూడటమే.

ఒత్తిడి వచ్చినా వెంటనే బయలుదేరడానికి లేదు. సిలిండర్లు చల్లగా ఉంటాయి కాబట్టి మొదట లోపలికి వెళ్ళిన ఆవిరి నీళ్ళయిపోతుంది. నీళ్ళు నొక్కుకుపోవు. అలాగే లాగిస్తే సిలిండర్ మూత దెబ్బతింటుంది. అందుకే కింద కుళాయి తెరిచి ఆ నీళ్ళు కార్చేస్తూ, బండిని రెండు అడుగులు ముందుకీ వెనక్కీ కదిపి ఇంజిన్ వేడెక్కాక బయలుదేరాలి.

ఇంత తిప్పలూ పడ్డాక డ్రైవింగ్ మాత్రం హాయి. గేర్లు లేవు, క్లచ్ లేదు, చప్పుడు లేదు. ఆవిరి వదిలిన మొదటి క్షణం నుంచే పూర్తి లాగుడు ఉంటుంది. 1906లో స్టాన్లీల రేసు కారు గంటకు 205 కిలోమీటర్లు దాటింది. ఓడిపోయిన యంత్రం కదా అని చులకనగా మాట్లాడకు.

బాయిలర్ పేలుతుందనే భయంతోనే జనం ఆవిరి కార్లు మానేశారా?

భయం ఉండేది, కానీ అసలు కారణం అది కాదు. స్టాన్లీ బాయిలర్‌లో వందల సన్న గొట్టాలుండేవి, పైన పియానో తీగ బిగించి చుట్టేవాళ్ళు. నీళ్ళు అయిపోతే గొట్టాల దగ్గర కారడం మొదలై ఒత్తిడి తగ్గిపోయేది. పేలడం కంటే కారడమే దాని స్వభావం.

అసలు ఇబ్బంది నీళ్ళు. మొదటి మోడళ్ళు వాడేసిన ఆవిరిని గాల్లోకి వదిలేసేవి, దాంతో మైలుకు సుమారు ఒక గ్యాలన్ నీళ్ళు తాగేవి. రోడ్డు పక్కన గుర్రాల కోసం కట్టిన తొట్ల దగ్గర ఆగి నింపుకునేవాళ్ళు. ఆవిరిని మళ్ళీ నీళ్ళుగా మార్చే కండెన్సర్ స్టాన్లీ వాళ్ళు 1915లో గానీ పెట్టలేదు. 1920లలో డోబుల్ అనే కంపెనీ నిమిషంన్నర లోపే కదిలే ఆవిరి కారు తెచ్చింది. అద్భుతమైన యంత్రమే, కానీ చాలా ఖరీదు. పైగా అప్పటికి పెట్రోలు కారు తాళం తిప్పినంత తేలికగా స్టార్ట్ అవుతోంది.

## 1900 నుంచి 1912: మూడు రకాలూ ఒకే రోడ్డు మీద

ఎలక్ట్రిక్ కార్లు నిన్నమొన్న వచ్చినవి కాదా?

కాదు, పెట్రోలు కారు కంటే ముందువి. గాస్తోన్ ప్లాంటే 1859లో మళ్ళీ మళ్ళీ ఛార్జ్ చేసుకునే సీసం బ్యాటరీ చేశాడు. గుస్తావ్ త్రూవే 1881లోనే పారిస్‌లో కరెంటు ట్రైసైకిల్ నడిపి చూపించాడు, బెంజ్ పేటెంట్‌కు ఐదేళ్ళ ముందు. 1897కల్లా లండన్‌లో, న్యూయార్క్‌లో కరెంటు టాక్సీలు తిరిగాయి.

హాల్‌ను నిశ్శబ్దం చేసే వాక్యం ఒకటుంది, దాన్ని పారేసుకోకు: రోడ్డు మీద గంటకు 100 కిలోమీటర్లు దాటిన మొదటి కారు ఎలక్ట్రిక్ కారు. 1899 ఏప్రిల్ 29న పారిస్ దగ్గర బెల్జియం మనిషి కమీల్ జెనాట్జీ తూటా ఆకారపు కారులో 105.88 కిలోమీటర్ల వేగం అందుకున్నాడు. కారు పేరు 'లా జమే కోంతాంత్', అంటే ఎన్నటికీ తృప్తి పడనిది. ఫోటో చూపిస్తే జనం నవ్వుతారు. కారు తూటాలా ఉన్నా డ్రైవరు దాని మీద గుర్రం ఎక్కినట్టు సగం బయటికి కూర్చుని ఉంటాడు.

బెర్తా బెంజ్ ప్రయాణం అందరికీ తెలిసిందే కదా, చెప్పాలా?

చెప్పు, కానీ 'ధైర్యవంతురాలైన మహిళ' అని ఒక్క ముక్కలో తేల్చేయకు. ఆమె చేసింది ఒక ఇంజినీర్ చేసే రోడ్ టెస్ట్. 1888 ఆగస్టులో భర్తకు చెప్పకుండా ఇద్దరు కొడుకుల్ని తీసుకుని మాన్‌హైమ్ నుంచి ఫోర్జైమ్‌కు, వంద కిలోమీటర్లకు పైగా దూరం, బయలుదేరింది. దారిలో ఇంధనం గొట్టం మూసుకుపోతే టోపీ పిన్నుతో పొడిచింది. ఇగ్నిషన్ తీగ ఒరుసుకుపోతే తన గార్టర్ చుట్టింది. చెక్క బ్రేకులు అరిగిపోతే చెప్పులు కుట్టే అతనితో తోలు కొట్టించింది. గుట్టలెక్కేటప్పుడు కొడుకులు దిగి నెట్టారు.

నీ ప్రశ్నకు పనికొచ్చేది ఇంధనం సంగతి. పెట్రోలు బంకులు లేవు. వీస్లోఖ్ అనే ఊళ్ళో మందుల షాపులో మరకలు తుడవడానికి అమ్మే లిగ్రోయిన్ అనే ద్రావకం కొని పోసింది. పోసిన వెంటనే మళ్ళీ ప్రయాణం. గంటల తరబడి ఛార్జింగ్ అక్కర్లేని ఇంధనం ఒక సీసాలో దొరుకుతుందని ఆ షాపు ముందు తేలింది.

క్రాంక్ తిప్పడంలో చెయ్యి విరిగేంత ప్రమాదం ఏముంది?

పెట్రోలు ఇంజిన్ తనంతట తాను కదలలేదు. ఎవరో ఒకరు పిస్టన్‌ను పైకి నెట్టి, లోపలి గాలి-పెట్రోలు మిశ్రమాన్ని నొక్కిపెడితే, అప్పుడు నిప్పురవ్వ పడి మండుతుంది. ఆ "ఎవరో" పనిని కారు ముందు నిలబడిన మనిషి ఇనుప హ్యాండిల్‌తో చేయాలి.

చిక్కు నిప్పురవ్వ పడే సమయంలో ఉంది. ఇంజిన్ వేగంగా తిరుగుతున్నప్పుడు పిస్టన్ పైకి చేరకముందే రవ్వ పడాలి, మంట వ్యాపించడానికి కొంత సమయం కావాలి కాబట్టి. చేత్తో నెమ్మదిగా తిప్పేటప్పుడు కూడా రవ్వ అంత ముందే పడితే, పైకి వస్తున్న పిస్టన్‌ను మంట కిందికి తన్నేస్తుంది. ఇంజిన్ ఒక్కసారిగా వెనక్కి తిరుగుతుంది, దాంతో పాటు హ్యాండిల్ కూడా. మణికట్టు, బొటనవేలు, ఒక్కోసారి దవడ. అందుకే స్టీరింగ్ దగ్గరున్న చిన్న మీటతో రవ్వను ఆలస్యం చేసి, తర్వాతే హ్యాండిల్ పట్టుకునేవాళ్ళు. ఆ మీట సంగతి మరిచినవాళ్ళే దెబ్బలు తిన్నారు.

స్టేజీ మీద దీన్ని చేసి చూపించు. బొటనవేలు మిగతా వేళ్ళతో కలిపి ఒకే పక్కన ఉండాలి, హ్యాండిల్ చుట్టూ బిగించకూడదు. కింది నుంచి పైకి లాగాలి, పై నుంచి కిందికి నొక్కకూడదు. ఎదురు తన్నినప్పుడు చెయ్యి జారి బయటపడటానికి ఈ రెండూ. ఇరవై సెకన్ల పని, కానీ ప్రసంగం మొత్తంలో జనానికి గుర్తుండేది అదే.

సెల్ఫ్ స్టార్టర్ ఒక చిన్న మోటారు. దానికి అంత ప్రాధాన్యం ఎందుకు?

నన్నడిగితే ప్రసంగానికి నడుం ఇదే. చార్లెస్ కెటరింగ్ అనే ఇంజినీర్ చేసిన ఎలక్ట్రిక్ స్టార్టర్ 1912 కాడిలాక్ కారుతో మార్కెట్లోకి వచ్చింది. అంతకుముందు కూడా మోటారుతో ఇంజిన్ తిప్పాలని అనుకున్నవాళ్ళున్నారు. లెక్కేస్తే మోటారు, బ్యాటరీ కలిసి మోయలేనంత బరువయ్యేవి. కెటరింగ్ అంతకుముందు షాపుల్లో వాడే క్యాష్ రిజిస్టర్‌కు కరెంటు మోటారు పెట్టిన మనిషి. డ్రాయర్ తెరవడానికి మోటారు రోజంతా తిరగక్కర్లేదు, ఒక్క క్షణం గట్టిగా లాగితే చాలు. కారుకూ అంతే. కొన్ని సెకన్లే పని కాబట్టి చిన్న మోటారు మీద దాని స్థాయికి మించిన భారం వేయొచ్చు, వేడెక్కేలోపు ఇంజిన్ అందుకుంటుంది. ఇంజిన్ తిరగడం మొదలయ్యాక అదే మోటారు జనరేటర్‌గా మారి బ్యాటరీని తిరిగి నింపుతుంది.

కరెంటు కారుకున్న పెద్ద అందం మీట నొక్కగానే కదలడం. ఆ అందాన్ని పెట్రోలు కారు ఒక బ్యాటరీ, ఒక మోటారు పెట్టుకుని లాక్కుపోయింది. ఎలక్ట్రిక్ కారును దెబ్బతీసింది ఎలక్ట్రిక్ మోటారే! ఈ ముక్క చెప్పాక రెండు సెకన్లు ఆగు.

చమురు కంపెనీలు కుట్ర చేసి ఎలక్ట్రిక్ కార్లను చంపాయని చెప్పొచ్చా?

చప్పట్లు పడతాయి కానీ, 1910ల సంగతిలో ఆ మాట అక్కర్లేదు. లెక్క చాలు. సీసం బ్యాటరీ కిలోకు సుమారు 35 వాట్ అవర్లు దాచుకుంటుంది. కారులో 400 కిలోల బ్యాటరీ పెట్టావనుకో, మొత్తం 14 కిలోవాట్ అవర్లు. మోటారు, తీగలు, గేర్లలో పోయింది పోగా చక్రాలకు 11 దాకా చేరుతుంది.

ఇటువైపు ఫోర్డ్ మోడల్ టి. ట్యాంకులో పట్టేది సుమారు 38 లీటర్లు, బరువు 28 కిలోలు. పెట్రోలు కిలోకు దాదాపు 12 కిలోవాట్ అవర్లు, అంటే మొత్తం 340 దాకా. అప్పటి ఇంజిన్ ఎంత దండగమారిదంటే అందులో ఆరో వంతు మాత్రమే పనికొచ్చిందనుకుందాం. అయినా 56 వస్తుంది. 400 కిలోల సీసం ఇచ్చేదానికి ఐదు రెట్లు, 28 కిలోల ద్రవంలో. పైగా డబ్బాలో పట్టుకుపోవచ్చు, ఐదు నిమిషాల్లో పోసుకోవచ్చు. పల్లెల్లో అప్పటికి కరెంటే లేదు. ఊళ్ళ మధ్య రోడ్లు బాగుపడి జనం దూరాలు వెళ్ళడం మొదలుపెట్టాక కరెంటు కారు ఊళ్ళోనే ఉండిపోయింది.

## పెట్రోలు గెలిచాక

కారును కనిపెట్టింది హెన్రీ ఫోర్డ్ కదా?

కాదు. ఆయన మార్చింది కారు తయారయ్యే పద్ధతిని. మోడల్ టి 1908లో వచ్చింది. 1913లో హైలాండ్ పార్క్ ఫ్యాక్టరీలో పనివాళ్ళు కారు చుట్టూ తిరగడం మాని, కారే వాళ్ళ ముందు నుంచి కదిలిపోయే ఏర్పాటు పెట్టారు. ఒక ఛాసిస్ కూర్చడానికి పన్నెండున్నర గంటలు పట్టేది గంటన్నరకు దిగింది. మొదట 850 డాలర్లున్న కారు 1920ల మధ్యకు 300 లోపుకు వచ్చింది. అదే కాలంలో కరెంటు కారు వేలల్లో పలికేది. తమాషా ఏమిటంటే ఫోర్డ్ భార్య క్లారా స్వయంగా నడిపింది డెట్రాయిట్ ఎలక్ట్రిక్ అనే కరెంటు కారు. చప్పుడు లేదు, క్రాంక్ లేదు.

1920 నుంచి 1990 దాకా చాలా ఉంది. ఏది ఉంచాలి, ఏది తీసేయాలి?

దాదాపు అన్నీ తీసేయ్. ఆటోమేటిక్ గేర్లు, డిస్క్ బ్రేకులు, సీటు బెల్టులు అన్నీ ముఖ్యమే, కానీ వేరే ప్రసంగాలు. రెండు ఉంచు. ఒకటి 1973 చమురు సంక్షోభం: పోసుకోవడానికి పెట్రోలే దొరకని రోజు వస్తుందని జనానికి గట్టిగా తెలిసింది. రెండోది పొగ. 1970 నాటి అమెరికా చట్టం వల్ల 1975 మోడళ్ళ నుంచి కార్లకు పొగలోని విషవాయువుల్ని తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్లు వచ్చాయి. పెట్రోలులో కలిపే సీసం ఆ కన్వర్టర్‌ను పాడుచేస్తుంది కాబట్టి సీసం లేని పెట్రోలు అమ్మాల్సి వచ్చింది.

హైబ్రిడ్‌ను ఎక్కడ పెట్టాలి? ప్రియస్ దగ్గరేనా?

జనం వాడిన హైబ్రిడ్ అంటే 1997 డిసెంబరులో జపాన్‌లో వచ్చిన టొయోటా ప్రియస్ దగ్గరే. కానీ ఆలోచన పాతది. ఫెర్డినాండ్ పోర్షే 1900లోనే పెట్రోలు ఇంజిన్‌తో జనరేటర్ తిప్పి, చక్రాల్లోనే అమర్చిన మోటార్లకు కరెంటు ఇచ్చే కారు చేశాడు. ఒక వాక్యం చాలు.

## బ్యాటరీ తిరిగొచ్చాక

లిథియం బ్యాటరీ వచ్చాక తేడా ఎంత? ఒక లెక్క చెప్పగలరా?

400 కిలోల బ్యాటరీతోనే చూద్దాం. సీసమైతే కిలోకు 35 వాట్ అవర్ల చొప్పున 14 కిలోవాట్ అవర్లు. ఇప్పటి లిథియం ప్యాక్ డబ్బా, చల్లబరిచే ఏర్పాటు అన్నీ కలుపుకుని కిలోకు సుమారు 150 ఇస్తుంది, మొత్తం 60. నాలుగు రెట్లకు పైనే. వంద కిలోమీటర్లకు 15 కిలోవాట్ అవర్లు తినే కారుకు మొదటిది 90 కిలోమీటర్లు, రెండోది 400. ఎలక్ట్రిక్ కారు ఊరు దాటింది ఈ తేడాతోనే.

ఇది కార్ల కోసం పుట్టింది కాదని చెప్పడం మరిచిపోకు. సోనీ 1991లో దీన్ని మార్కెట్లోకి తెచ్చింది వీడియో కెమెరాల లాంటి చేతి పరికరాల కోసం. తర్వాత ల్యాప్‌టాప్‌లు, ఫోన్లు కోట్ల సంఖ్యలో కొనడం వల్ల ధర దిగింది. 2008లో టెస్లా రోడ్‌స్టర్ వచ్చినప్పుడు దాని ప్యాక్‌లో ఉన్నవి ల్యాప్‌టాప్ తరహా చిన్న సెల్స్, 6,831. ఈ బ్యాటరీ వెనక ఉన్న గుడినఫ్, విటింగమ్, యోషినోలకు 2019లో కెమిస్ట్రీ నోబెల్ వచ్చింది.

ఇంత చేసినా ఛార్జింగ్ ఇంకా ఎందుకు లేటు?

బంకులో పైపు ఎంత శక్తిని పోస్తోందో మనం ఎప్పుడూ లెక్కేయం కాబట్టి ఈ ప్రశ్న వస్తుంది. 40 లీటర్ల పెట్రోలులో సుమారు 360 కిలోవాట్ అవర్లు ఉంటాయి. రెండు నిమిషాల్లో పోస్తే అది 10,800 కిలోవాట్ల ప్రవాహం. ఒక ఫాస్ట్ ఛార్జర్ 150 కిలోవాట్లు. పెట్రోలు ఇంజిన్ ఐదో వంతే వాడుకుంటుందని తగ్గించి చూసినా, పైపు పద్నాలుగు రెట్లు ముందే ఉంది.

దానికి తోడు బ్యాటరీకి తన హద్దు ఉంది. నిండుతున్న కొద్దీ లిథియం అయాన్లు గ్రాఫైట్ లోపలికి దూరడానికి చోటు తగ్గుతుంది. తోసినకొద్దీ లోపలికి పోకుండా పైన లోహంగా పేరుకుంటాయి, బ్యాటరీ పాడవుతుంది. అందుకే 80 శాతం దగ్గరికి వచ్చేసరికి ఛార్జింగ్ వేగాన్ని కారే తగ్గించేస్తుంది. నిండిపోయిన బస్సులో ఆఖరి నలుగురు ఎక్కడానికి ఎంతసేపు పడుతుందో చెబితే వెంటనే అర్థమవుతుంది.

## స్టేజీ మీద

"ఆ కరెంటు బొగ్గు నుంచే కదా వచ్చేది" అని ఎవరైనా అడిగితే?

ఖాయంగా అడుగుతారు. దబాయించకు, సగం నిజం ఉంది. బ్యాటరీ తయారీలో కాలుష్యం ఎక్కువ కాబట్టి ఎలక్ట్రిక్ కారు షోరూమ్ నుంచి కాస్త అప్పుతోనే బయటికి వస్తుంది. నడిచేకొద్దీ ఆ అప్పు తీరుతుంది. కరెంటు నీళ్ళ నుంచి, ఎండ నుంచి వస్తే తొందరగా తీరుతుంది, అంతా బొగ్గు నుంచే వస్తే చాలా ఆలస్యంగా తీరుతుంది. ఊళ్ళో గొట్టం నుంచి పొగ రాదన్నది మాత్రం రెండు చోట్లా నిజం. ఇంతవరకు చెప్పి కూర్చో.

స్లైడ్లు ఎన్ని పెట్టాలి?

ఐదు. క్యూన్యో బండి, స్టాన్లీ కారు, జెనాట్జీ తూటా, 1912 కాడిలాక్, ఒక లిథియం ప్యాక్ లోపలి ఫోటో. అక్షరాలు వద్దు. ప్రొజెక్టర్ ఆగిపోతే కూడా ప్రసంగం నడవాలి. మాకు ఒకసారి ఆగిపోయింది, క్రాంక్ చేసి చూపించడం ఒక్కటే కాపాడింది.

క్రాంక్ హ్యాండిల్ దొరకకపోతే ఎలా?

పాత ట్రాక్టర్లు, డీజిల్ పంపుసెట్లు బాగుచేసే మెకానిక్ దగ్గర దొరుకుతుంది, ఒక పూటకు అడిగితే ఇస్తారు. అదీ లేకపోతే కారు జాక్ తిప్పే రాడ్డు వాడు, వంపు అలాగే ఉంటుంది. ఏదైనా సరే తుడిచి తీసుకెళ్ళు. గ్రీజు చేతికంటుకుని, ఆ చేత్తోనే మైకు పట్టుకుంటే జారుతుంది.